చిలకపచ్చ గోడ మీద కోరా గుడ్డ

భివండీలో నలభై ఏళ్ళు సాంచాలు నడిపాను. మరమగ్గాలను మా వాళ్ళు అలాగే అంటారు. ఆ నలభై ఏళ్ళలో ఏడు వేల రంగులు నా చేతుల మీదుగా పోయాయని పెళ్ళిళ్ళలో చెప్పేవాడిని. సాంచాలు తుక్కుకు అమ్మేశాక ఆ ఏడు వేలు పన్నెండు వేలయ్యాయి. నిజం చెప్పాలంటే నేను నేసింది ఒక్క కోరా గుడ్డే. రంగు వేయని, మీగడలా ఉండే గుడ్డ. దానికి రంగులు వేసేది వేరే ఊళ్ళో, వేరే వాళ్ళు.

ఈ సంగతి మా అమ్మాయికి తెలుసు. అయినా తొలి కాన్పుకు మా ఇంటికి వస్తూ గది రంగు పని నాకే అప్పజెప్పింది. ఒకప్పుడు నూలు చుట్టిన కండెల బుట్టలు పెట్టుకున్న గది అది.

"బాపూ, లేత రంగు తేవాలె. బూడిద కలిసిన ఆకుపచ్చ. మెరుపు ఉండొద్దు. పసిపిల్లకు కండ్లు అలసిపోవద్దు" అంది. కార్డు మీద చూసిన రంగు గోడంతా పరుచుకుంటే ఇంకా గాఢంగా కనబడుతుందట. ముందు చేటంత మేర పూసి, పగలు ఒకసారి, లైటు వేసి ఒకసారి చూడమంది.

అంజూర్ ఫాటా దుకాణంలో రంగుల కార్డు మొత్తం తిరగేశానని ఇంట్లో చెప్పాను. తిరగేసింది రెండు పేజీలు. అమ్మాయి చెప్పిన రంగు నాకు పదిసార్లు ఉతికిన చీరలా కనిపించింది. పుట్టబోయే తొలి బిడ్డకు వెలిసిపోయిన గోడా అనుకుని, నాలుగు గోడలకు చిలకపచ్చ, పైకప్పుకు పసుపు తెచ్చాను. రెండూ నిగనిగలాడే ఆయిల్ పెయింట్. ఏడో నెలలోనే వేయించాను కాబట్టి పాప వచ్చేసరికి వాసన పోయింది. గది చూసి అమ్మాయి నా వంక చూసింది.

"దుకాణంల నువ్వన్న రంగు అయిపోయింది బిడ్డా" అన్నాను.

పాపకు రెండో నెల వచ్చింది. ఆ గదిలో తొట్టెలో వేస్తే చాలు, కళ్ళు పెద్దవి చేసి పైకి చూసేది. తల ఇటూ అటూ తిప్పి, కాళ్ళు తన్ని, ఏడుపు మొదలుపెట్టేది. కడుపు నిండే ఉంది, ఒళ్ళు బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పింది. వంటింట్లో, పాత సున్నం గోడ పక్కన మాత్రం హాయిగా నిద్రపోయేది.

"పోరి నిద్రపోతలేదు, నేను పోతలేను. వచ్చే వారం కాల్హేర్ పోతా" అంది అమ్మాయి. అత్తగారిల్లు అక్కడే. ఐదో నెల దాకా ఉంటానన్న పిల్ల సంచీ సర్దడం మొదలుపెట్టింది.

నా ముసలిది ఊరుకుంటుందా? "పన్నెండు వేల రంగులు చూసినోనివి. ఒక్క రంగు తేవరాకపాయె" అంది.

ఆ మధ్యాహ్నం తొట్టె కింద నేల మీద వెల్లకిలా పడుకున్నాను. నిలబడి చూసినప్పుడు నాకు ముచ్చటేసిన గది అది. పడుకుంటే మొహం మీద పసుపు. పక్కకు తిరిగితే చిలకపచ్చ, అందులో ట్యూబులైటు వెలుగు కత్తిలా మెరుస్తోంది. ఎటు తిరిగినా తప్పించుకునే చోటు లేదు. పావుగంట ఓర్చుకున్నానని తరువాత అందరికీ చెప్పాను. రెండు నిమిషాలకే కళ్ళు మూసుకున్నాను.

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంది బాపూ, నీకు నిద్ర వస్తలేదా?"

"రంగు అయిపోలేదు బిడ్డా. నేనే తేలేదు."

"నాకెరుకే. దుకాణంల రంగు అయిపోతే కలిపి ఇస్తరు" అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

పసిపిల్ల ఉన్న ఇంట్లో మళ్ళీ రంగు వేయడం కుదరదు. అప్పుడు అటక గుర్తొచ్చింది. సాంచాలు అమ్మిన రోజు ఆఖరుగా దింపిన థాన్, అంటే కోరా గుడ్డ చుట్ట, ఒకటి అక్కడ దాచుకున్నాను. ఎందుకని అడిగిన వాళ్ళకు ఎలుకల భయం అని చెప్పేవాణ్ణి. అసలైతే ఆ గుడ్డ ముఖానికి ఆనిస్తే సాంచాల గది వాసన వచ్చేది.

గంజి పోయేదాకా వేడి నీళ్ళలో మూడుసార్లు ఉతికాం. ఆ వాసనా పోయింది. తొట్టెకు తగలకుండా, గుడ్డను గోడల మీద పైనుంచి కిందికి బిగించి మేకులు కొట్టాం. పైకప్పుకూ అలాగే. ట్యూబులైటు ఆపి, మూలన చిన్న బల్బు పెట్టాం. పాప మేలుకున్నప్పుడు చూడటానికి అమ్మాయి నలుపు తెలుపు గీతల బొమ్మ ఒకటి గీసింది. దాన్ని వంటింట్లో తగిలించింది, పడక గదిలోకి రానీయలేదు.

పాప ఆ క్షణమే నిద్రపోయిందని కాశేలిలో ఉన్న చుట్టాలకు చెప్పాను. కాదు. మూడు రోజులు పట్టింది. మూడో రోజు గుడ్డ వంక చూస్తూ చూస్తూ కళ్ళు వాల్చింది. అమ్మాయి తొట్టె పక్కనే చాప మీద నిద్రపోయింది, సర్దిన సంచీ మీద తల పెట్టుకుని. చిన్నప్పుడు కండెల బుట్టల మధ్య అలాగే నిద్రపోయేది.

ఐదో నెల నిండాకే కాల్హేర్ వెళ్ళింది. వెళ్ళేముందు స్టూలు ఎక్కి గోడల మీది గుడ్డంతా విప్పుకుంది.

"గోడలు మళ్ళ నిగనిగమంటయి గద బిడ్డా" అన్నాను.

"నువ్వు చూసుకో బాపూ, నీకిష్టమే గద" అని గుడ్డ మడత పెట్టి, పాప బట్టలతో పాటు సంచీలో పెట్టుకుంది.