పక్క నుంచి ఆయన

మా అత్త లారీ క్లీనరు. మామయ్య డ్రైవరు. ఆడమనిషి క్లీనరేంటని నవ్విన వాళ్ళందరూ, ఆమె టార్పాలిన్ తాడు బిగించడం ఒక్కసారి చూశాక నోరు మూసుకున్నారు. పెళ్ళైన కొత్తలో క్లీనరు రాలేదని ఒక ట్రిప్పుకి ఎక్కింది. మళ్ళీ దిగలేదు. టైరుని సుత్తితో కొట్టి, ఆ చప్పుడుని బట్టి గాలి ఉందో లేదో చెప్పేది. మామయ్యకి కునుకు పడుతుంటే భుజం మీద ఒకటి ఇచ్చేది. బావ పుట్టాక వాణ్ణి మా ఇంట్లో వదిలి మరీ వెళ్ళింది. ఆ కోపం బావకి ఇప్పటికీ కొంచెం ఉంది. పైకి అనడు, అంతే.

ఇదంతా ఎందుకంటే, మామయ్యని మా అత్త చూసింది పక్క నుంచే. జీవితమంతా పక్క సీటు. ఆయన రోడ్డు చూసేవాడు, ఈమె ఆయన్నీ రోడ్డునీ చూసేది. ఇల్లు చేరితే ఇద్దరూ పడి నిద్రపోయేవాళ్ళు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది చాలా తక్కువ.

మామయ్య పోయాడు. యాక్సిడెంటు కాదు, గుండె. ఇంట్లో, చెప్పులు వేసుకుంటూ.

ఉన్న ఫోటోలు తీసి చూస్తే అన్నీ ఎదురు నుంచి తీసినవే. లైసెన్సు ఫోటో, కంపెనీ కార్డు ఫోటో, రెన్యువల్‌కి తీయించుకున్నవి. కెమెరా కనిపిస్తే చాలు, మెడకి కర్ర కట్టినట్టు నిలబడిపోయేవాడు మనిషి. పెళ్ళి ఫోటోలో కూడా పెళ్ళాం వైపు తిరగలేదు. ఫోన్లో వీడియోలు బోలెడు. అన్నీ ఆయన తీసినవే, ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

"ఈయనెవరో తెలుసు నాకు. మీ మామయ్య కాదు, లైసెన్సు ఆయన," అనేది అత్త ఫోటోలు చూసి.

బావ ఇప్పుడు అదే లారీ నడుపుతున్నాడు. అమ్మకి ఏదో ఒకటి చెయ్యాలని పట్టుకుంది వాడికి. సినిమాల్లో ఫైటరు ఒంటి మీద హీరో ముఖం పెట్టే ఒక ఎడిటరమ్మ నాకు తెలుసు. వీధి చివర మేడ మీద గది, కిటికీలకి నల్లగుడ్డ, రెండు కంప్యూటర్లు, ఎప్పుడూ చల్లారిపోయి ఉండే టీ. ఆవిణ్ణి అందరూ ముఖాలక్క అంటారు. బావని తీసుకెళ్ళాను.

"నేను లారీ నడుపుతుంటే పక్క సీట్లోంచి వీడియో తీయిస్తానక్కా. నా ముఖం తీసేసి నాన్న ముఖం పెట్టాలి," అన్నాడు బావ.

ముఖాలక్క ఫోటోలు తిరగేసింది. "పక్క నుంచి ఒక్కటి కూడా లేదా? కొంచెం తల తిప్పింది?"

"లేదు."

"మరి ఎట్లాగయ్యా? ఎదురు ఫోటోలో ముక్కు ఎంత వెడల్పో తెలుస్తుంది. ఎంత ముందుకొచ్చిందో ఎట్లా తెలుస్తుంది? గడ్డం, నుదురు, అన్నీ అంతే. మామూలుగా మార్చేస్తే మీ నాన్న కళ్ళూ నోరూ పడతాయి, అంచు మాత్రం నీదే ఉంటుంది. నీ ముక్కు, నీ దవడ."

"నాది మా అమ్మ ముక్కు."

"సంతోషం. అప్పుడు మీ అమ్మకి మీ అమ్మే కనిపిస్తుంది."

చివరికి ఒప్పుకుంది. ఎదురు ఫోటోల నుంచి కంప్యూటరు చేత ఒక తలకాయ కట్టిస్తానంది, బొమ్మలాగా అన్ని వైపులా తిప్పగలిగేది. ఫోటోలో లేని లోతుని అది తను చూసిన లక్షల ముఖాల నుంచి ఊహించి నింపుకుంటుంది. "ఊహ అని మర్చిపోకండి," అని కూడా అంది. మేము మర్చిపోయాం.

అంతా తయారయ్యాక, ఏం చూపిస్తామో చెప్పకుండా అత్తని ఆ మేడ మీద గదికి తీసుకొచ్చాం. బావ తలుపు వేశాడు. తెర మీద లారీ కేబిను. డ్రైవరు సరిగ్గా కెమెరా వైపు చూస్తున్నాడు.

మామయ్య.

అత్త చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. కుర్చీలో వెనక్కి పోయింది. ఆ చిన్న కళ్ళు, నోటి పక్క ఆ గాటు, అంతా ఆయనే. అప్పుడు మనిషి తల తిప్పాడు, రోడ్డు వైపు. సగం తిరిగేసరికి ముక్కు ఎటో జారినట్టైంది. పూర్తిగా తిరిగాక అక్కడ ఇంకెవరో ఉన్నారు. నున్నటి ముక్కు, చక్కటి గడ్డం, ఎవరో బట్టల కొట్టు బొమ్మలాంటి మనిషి మామయ్య చొక్కా వేసుకుని మామయ్య లారీ తోలుతున్నాడు.

అత్త కేక పెట్టింది. అలాంటి కేక నేను వినలేదు. బ్రేకులు ఫెయిలైనప్పుడు కూడా అరవని మనిషి అని మామయ్య చెప్పుకునేవాడు.

"ఎవడ్రా వీడు! ఎవడు? దింపండి వాణ్ణి!"

ముఖాలక్క ఆపేసింది. అయినా బొమ్మ తెర మీద అలాగే నిలిచిపోయింది, పక్క నుంచి. నేను వెళ్ళి ప్లగ్గు పీకాను.

అసలు దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. అత్త అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి కంచం తోసేసింది.

"కళ్ళు మూసుకుంటే వాడే వస్తున్నాడు."

"ఎవరత్తా?"

"ఆ నున్నటోడు. మీ మామయ్య రావట్లేదు. సీటు వస్తోంది, చొక్కా వస్తోంది, చేతులు వస్తున్నాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి వాడు కూర్చుంటున్నాడు." నా వైపు చూసింది. ఆ చూపుకి నేను లేచి నిలబడ్డాను. "పక్క నుంచి ఒక్క ఫోటో కూడా లేదురా నాకు. ఉన్నదొక్కటే, లోపల. దాని మీద సున్నం కొట్టేశారు మీరు."

బావ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. నిజం చెప్పాలంటే, చిన్నప్పుడు తనని వదిలి వెళ్ళిన అమ్మ మీద వాడు కక్ష తీర్చుకున్నట్టే అయింది, వాడికి తెలియకుండానే.

నేను మేడెక్కి ముఖాలక్క మీద విరుచుకుపడ్డాను. ఆవిడ గోరు కొరుక్కుంటూ అంతా వింది. తర్వాత, "ఆవిడకి ముఖం రావట్లేదు, సరే. సీటు వస్తోంది అన్నావు కదా? సీటు వెనక ఏముందో అది వస్తుందా?" అంది.

"అంటే?"

"పక్క నుంచి చూసే మనిషికి ముఖం అంటే అంచే. వెనకాల కిటికీ వెలుతురు, ముందు ఆ అంచు. ఆయన ముక్కు ఎట్లా ఉండేదని అడగొద్దు. ముక్కు వెనక ఏం దాక్కునేదో అడుగుదాం."

అత్తని ఒప్పించడానికి బావ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. మామయ్య పోయాక ఆమె లారీ ఎక్కలేదు. చివరికి ఎక్కింది. తన సీట్లో సర్దుకుని, అలవాటుగా చెయ్యి పైకి పోయి కమ్మీ పట్టుకుంది. ముఖాలక్క డ్రైవరు వైపు కిటికీకి అవతలివి కనిపించే పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించింది. బావ స్టీరింగు ముందు.

"వీడు గున్న ఏనుగులా వెనక్కి వాలాడు," అంది అత్త వెంటనే. "ఆయన ఇట్లా కూర్చోడు. స్టీరింగుని తినేసేలా వంగుతాడు. ఇంకా. ఇంకొంచెం. తల దించు. ఆఁ."

"అమ్మా, తల సీటుకి ఆనించి ఒక కన్ను మూసుకోండి. కదలకండి," అంది ముఖాలక్క. "ఇప్పుడు చెప్పండి. బయటి అద్దం కనిపించేదా?"

"సగమే. కింది మూల కనపడేది కాదు."

"ఏది అడ్డం వచ్చేది?"

అత్త తెరిచిన కన్ను చిట్లించింది. "ముక్కు," అంది మెల్లగా. "ముక్కు కొన. నేను వెనకొచ్చే బండి చూడాలంటే, 'నీ ముక్కు తియ్యి' అని తిట్టేదాన్ని."

అత్త చెబుతుంటే, బావ కిటికీ వైపు చెయ్యి చాచి మార్కరుతో కాగితం మీద తడుముకుంటూ చుక్క పెట్టాల్సిన చోటు వెతికాడు. "పైకి. ఓరి నాయనా, పైకిరా, గడ్డం దగ్గర ముక్కుంటుందా ఎవడికైనా? అక్కడ! పెట్టు."

ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. అద్దం కమ్మీ మీద తుప్పు మచ్చ ఒకటుంది. అది ఆయన కళ్ళ మధ్య గుంటలోంచి కనిపించేదట. దాని కిందే ముక్కు ఒక్కసారి గూడు కట్టినట్టు లేచేదట. "చిన్నప్పుడు బావిలో పడ్డాడు, దూలం తగిలింది. విరిగి అట్లాగే అతుక్కుంది. ఎదురు నుంచి చూస్తే తెలీదు." ఆ సంగతి మాకెవరికీ తెలియదు. సొంత కొడుక్కి తెలియదు. బావ మార్కరు పట్టుకుని అమ్మ వైపు తిరిగిపోయాడు.

"అటు తిరుగు. పై పెదవి ఇంకా అవలేదు," అంది అత్త.

చుక్కలన్నీ అయ్యాక బావని దింపేసి, అత్త తల ఉన్న చోటే కెమెరా పెట్టి ముఖాలక్క ఫోటో తీసుకుంది. చుక్కల వెంట గీత గీస్తే వచ్చిన మనిషి ఆ నున్నటోడికి ఏమీ కాడు. పక్షిలాగా ఉన్నాడు.

ఆవిడ ఆ తలకాయని మళ్ళీ చేసింది. ఎదురు నుంచి వెడల్పులు లైసెన్సు ఫోటోలవి, పక్క నుంచి అంచు అత్తది. ఈసారి అత్త తనే మేడెక్కి వచ్చింది. మామయ్య మా వైపు చూశాడు. తల తిప్పాడు. ముక్కు జారలేదు. గూడు లేచింది, కొన కిందికి వాలింది, వెలుతురులో అంచు నల్లగా నిలబడింది. బావ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ముఖాలక్క కూడా తెర వైపు కాకుండా నేల వైపు చూస్తోంది.

అత్త కళ్ళు మూసుకుంది. తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"ఎవరు వస్తున్నారమ్మా?" అన్నాడు బావ.

"ఆయనే. లారీలో చుక్కలు పెట్టేటప్పుడే వచ్చేశాడు."

"మరి ఇది?"

"ఇది ఆయన కాదు. చాలా దగ్గరగా ఉంది. ఆ నున్నటోడు ఎవడో కాబట్టి వాడితో పోట్లాడాను. దీనితో పోట్లాడలేను. ఇంకోసారి చూశానంటే లోపల ఇదే ఉండిపోతుంది." కళ్ళు తెరవకుండానే ముఖాలక్క వైపు తిరిగింది. "మంచి పని చేశావు తల్లీ. తుడిచెయ్యి."

అంత పని చేయించి తుడిచెయ్యమంటుందా? నేను ఏదో అనబోయాను.

"వద్దు!" బావ అరిచినంత పని చేశాడు. "నాక్కావాలి. నువ్వు కూర్చున్నావు ఆ సీట్లో. నన్నెప్పుడైనా కూర్చోబెట్టారా? నాకు లోపల ఏముంది, మీ ఇద్దరి లారీ వెనక నంబరు ప్లేటు తప్ప?"

ఆ మాట వాడు ఎన్నేళ్ళు దాచాడో. అత్త ముఖం తెల్లబోయింది. కళ్ళు మాత్రం తెరవలేదు. చెయ్యి చాచి గాల్లో వెతికి, వాడి తల దొరికాక జుట్టులో వేళ్ళు పెట్టింది.

"ఉంచుకో. నా కంట పడనీకు అంతే."

ముఖాలక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. బావ తెరకి దగ్గరగా జరిగాడు. అత్త కళ్ళు గట్టిగా మూసుకుని పక్క కుర్చీలో కూర్చుంది.

కాసేపటికి, "అయిందా?" అంది.

"ఇంకా లేదమ్మా."

"చూడు. నిదానంగా చూడు."