సర్వరీ బేగం ఎర్ర గోడ

భద్రాచలంలో ఒక గోడ మనుషుల్ని కరిచేది. సరే, కరవలేదు గానీ కళ్ళు మాత్రం పీకేసేది. ఇంట్లోనే బట్టలు కుట్టే సర్వరీ బేగం కూర్చునే మూల గోడకి, బోర్డులు రాసే ఆమె భర్త మజహర్ మిగిలిన ఎర్ర ఎనామిల్ రంగు పూశాడు, బల్లకి తెల్లది. పొద్దున ఆమె హుషారుగానే ఉండేది. మధ్యాహ్నానికి ఆ మెరుపుకి తల పగిలేంత నొప్పి వచ్చి, పెళ్ళి జాకెట్లు ఆగిపోయేవి.

"ఎరుపు జోష్ ఇస్తదని పూసిన."

"జోష్ నీకు. పొద్దుందాక దాన్ని చూసేది నేను. పెళ్ళోళ్ళొస్తే నువ్వు కుడతవా?"

అతను పైన సున్నం కొట్టాడు. ఎనామిల్ మీద అది నిలవక పెచ్చులూడి పట్టుబట్ట మీద రాలింది. ఆమె గోడకి లేతాకుపచ్చ నూలు దుప్పటి కట్టి, బల్లమీద ఖాకీ గుడ్డ పరిచింది. సాయంత్రం దాకా చెయ్యి ఆగలేదు, జాకెట్లు పూర్తయ్యాయి.

ఇదంతా రాసిన ముసలాణ్ణి, నేనే వెళ్ళి చదివి వినిపిస్తే సర్వరీ బేగం కుట్టుపని నుంచి తలెత్తకుండానే అంది: "అంతా అబద్ధం తాతా. మా ఇంట్ల ఎర్ర గోడే లేదు."