ఆయన ప్రమోషన్ కేసులో నా అంకెలు

పంజాగుట్టలో నేను పనిచేసే ఆస్పత్రిలో ప్రమోషన్ కావాలంటే ఎవరికి వాళ్ళు తమ గురించి రెండు పేజీలు రాసుకోవాలి. దాన్ని 'కేస్' అంటారు. మేనేజర్ సంతకం పెట్టి పైకి పంపితే కమిటీ చదివి తేలుస్తుంది. నేను డిశ్చార్జ్ డెస్క్‌లో టీం లీడ్‌ని. అసిస్టెంట్ మేనేజర్ పోస్టు ఖాళీ అయినప్పుడు, "నువ్వు రాయమ్మా, నేను పంపిస్తా" అన్నది మా మేనేజర్ సారే.

ఆయన నాకు మేనేజర్ కాకముందే సారు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేట మైత్రీవనంలో మెడికల్ బిల్లింగ్ కోర్సులో చేరాను. సారు పొద్దున ఆస్పత్రిలో ఉద్యోగం చేసి సాయంత్రం అక్కడ పాఠం చెప్పేవారు. గుంటూరు వైపు మనిషి, గట్టిగా మాట్లాడటం ఎరగరు. ఇంటర్వ్యూ అంటే నాకు నోరు పెగిలేది కాదు. క్లాసు అయ్యాక కూర్చోబెట్టి, ఎదురుగా తనే ప్రశ్నలడిగి, నా భయం పోగొట్టారు. ఆ తర్వాత తన ఆస్పత్రిలోకే తెచ్చారు. సనత్‌నగర్‌లో మా ఇంటికి ఆయన వస్తే మా నాయన ఫ్యాక్టరీ నుంచి పర్మిషన్ పెట్టుకుని మరీ వచ్చేవాడు.

మొదటి కేసు ఒక్క పూటలో రాసేశాను. డిశ్చార్జ్ పనులు చూసుకుంటాను, ఇన్సూరెన్స్ కంపెనీలతో మాట్లాడతాను, సిబ్బందికి షిఫ్టులు వేస్తాను, రోగుల బంధువుల ఫిర్యాదులు వింటాను. రాశాక నాకే ముచ్చటేసింది, ఇంత పని చేస్తున్నానా అని.

కోర్సు రోజుల్లో అమీర్‌పేట హాస్టల్‌లో ఉంటూ క్లాసులో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇప్పుడొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇలాంటి కేసులు చదివే కమిటీలో ఉంది. మెట్రో స్టేషన్ కింద టిఫిన్ సెంటర్‌లో కలిసినప్పుడు ఫోన్‌లో చూపించాను. దోసె చల్లారేదాకా చదివింది.

"గిది నీ కేసు కాదే. నీ కుర్చీ కేసు" అంది. "ఆడ ఎవర్ని కూసోబెట్టినా గిదే రాస్తరు. నువ్వు లేకుంటే ఏం కాకపోతుండె? అది చెప్పు."

"అందరం కలిసే చేసినం కదా."

"చేసిండ్రు. దాంట్ల నీదేంది?"

ఆలోచిస్తే ఒకటి ఉంది. డాక్టరు ఇంటికి పొమ్మన్నాక కూడా రోగి సాయంత్రం దాకా మంచం మీదే కూర్చునేవాడు. మిగిలిన మందుల వాపసు లెక్క ఫార్మసీలో ఆగేది, డాక్టరు రాసే డిశ్చార్జ్ సమ్మరీ ఇంకోచోట, ఇన్సూరెన్స్ వాళ్ళు ఏదో ఒక కాగితం లేదని ఫైలు తిప్పి పంపేవాళ్ళు. రేపు వెళ్ళబోయే రోగులెవరో ముందురోజు మధ్యాహ్నమే నర్సుల్ని అడిగి తెలుసుకుని, ఆ పనులన్నీ ఆ సాయంత్రమే మొదలుపెట్టే పద్ధతి నేను తెచ్చాను. మొదట్లో ఫార్మసీ వాళ్ళు మొహం మాడ్చుకున్నారు. వాళ్ళతో రెండు వారాలు కూర్చుని ఒప్పించాను.

"మంచిగుంది. ఎంత తగ్గింది?" అంది.

అది నేనెప్పుడూ లెక్క తీయలేదు. మర్నాటి నుంచి తీశాను. డాక్టరు డిశ్చార్జ్ రాసిన టైము, గేట్ పాస్ ఇచ్చిన టైము, రెండూ మా సిస్టమ్‌లోనే ఉంటాయి. పద్ధతి మారకముందు ఆరు నెలలకి సగటున ఏడు గంటలు, మారాక ఆరు నెలలకి నాలుగు. ఫోన్ చేసి చెబితే మళ్ళీ ప్రశ్న.

"ఆ నెలల్లో ఇంకేమన్న మారిందా? కమిటీ గదే అడుగుతది."

మారింది. కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వచ్చింది. కానీ అది ఆస్పత్రి రెండు బిల్డింగులకీ ఒకేసారి వచ్చింది, నా పద్ధతి మాత్రం మా బిల్డింగులోనే నడిచింది. రెండో బిల్డింగు లెక్క తీస్తే అక్కడ తగ్గింది అరగంటే. ఆ అరగంటని సాఫ్ట్‌వేర్‌కి వదిలేసి మిగతాదే నాదని రాశాను. ఎవరెవరు సాయం చేశారో రాశాను. బాధ్యతలన్నీ చివర్లో రెండు వాక్యాలకి కుదించాను.

మొదటిది అప్పటికే సారుకి ఇచ్చి ఉన్నాను. ఈ కొత్తదాన్ని ఆయన తన గదిలో రెండుసార్లు చదివారు.

"చాలా బాగా రాశావమ్మా" అన్నారు. "కానీ మన కమిటీ సంగతి నీకు తెలీదు. అంకెలు కనపడితే గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆడపిల్ల గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారు. మొదట రాసిందే పంపుదాం. ఈ సంగతులన్నీ నేను నోటితో చెప్తాగా."

"ఇది వద్దంటరా సార్?"

"నా దగ్గర ఉండనీ. మాట్లాడేటప్పుడు పనికొస్తుంది."

ఇచ్చేసి వచ్చాను. ఒక్క అనుమానం కూడా రాలేదు.

నెల తర్వాత కమిటీలో ఉండే క్వాలిటీ హెడ్ మేడం పిలిచారు. నా ఇంటర్వ్యూ అనుకుని జుట్టు సర్దుకుని వెళ్ళాను.

"మీ మేనేజర్ గారి కేసు విషయం. ఆయన కూడా ఈసారి పెట్టుకున్నారు కదా" అన్నారు మేడం. "డిశ్చార్జ్ టైము లెక్కలు సరిచూడటానికి ఆయన మీ పేరే ఇచ్చారు."

నాకు ఆ 'కదా' దగ్గరే అర్థం కాలేదు. ఆయన పెట్టుకున్నట్టే నాకు తెలీదు. మేడం ఆ పేరా చదువుతున్నారు. ఏడు గంటలు, నాలుగు గంటలు, రెండో బిల్డింగు, అరగంట. నా వాక్యాలే. ఫార్మసీ వాళ్ళని ఒప్పించిన రెండు వారాలతో సహా అన్నీ ఉన్నాయి. సాయం చేసినవాళ్ళ పేర్లే లేవు.

"సాఫ్ట్‌వేర్ వల్ల కాదని ఎలా చెప్పగలరు?" అని అడిగారు. నా నోరు దానంతట అది జవాబు చెప్పింది. మేడం తల ఊపి రాసుకున్నారు.

"ఈ పద్ధతి ఆయన రూపొందించారని ఉంది. అంతేనా?"

అవునంటే అయిపోయేది. నాకు మాట్లాడటం నేర్పిన మనిషి గురించి నేను ఏం మాట్లాడాలో తెలియలేదు.

"లేదు మేడం. నేను చేసిన" అన్నాను.

"మీ కేసు కూడా మా దగ్గరుంది. అందులో ఇది ఒక్క ముక్క లేదే?"

"రాసిన మేడం. సార్ వద్దన్నరు."

ఆధారం ఏమైనా ఉందా అన్నారు. పద్ధతి మొదలుపెట్టిన రోజున నేను వార్డులన్నిటికీ పంపిన మెయిల్ ఉంది. చూపించాను.

సాయంత్రం సారు గదికి వెళ్ళాను. విషయం అప్పటికే తెలిసినట్టుంది.

"డిపార్ట్‌మెంట్ పని అంటే మేనేజర్ పనే కదమ్మా. ఎవరైనా అలాగే రాస్తారు" అన్నారు.

"'మా టీం చేసింది, నేను సరేనన్న' అని మీరు రాస్తే అయిపోతుండె కదా సార్. నేనే ఔనంటుంటి."

"నేను పైకెళ్తే నిన్ను లాగేవాణ్ణి."

ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. నేను ఏడవలేదు. బయటికొచ్చి, మెట్రో ఎక్కకుండా పంజాగుట్ట ఫ్లైఓవర్ పక్క నుంచి అమీర్‌పేట దాకా నడిచాను. ఆయన నా పని తీసుకున్నందుకు కాదు, నన్ను గొప్పలు చెప్పుకోవద్దన్నందుకు కోపమొచ్చింది. ఆయన అన్న రోజున ఆ మాట నిజమని నమ్మి, నేను కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

ఆ ఏడు ఆయనకి రాలేదు. నాకూ రాలేదు. గడువులోపల అందిన కాగితం మీదే తేలుస్తామని, నా కాగితంలో బాధ్యతలు తప్ప ఏమీ లేవని కమిటీ చెప్పింది. అందులో తప్పు పట్టడానికి లేదు. మరుసటి ఏడాది నేను రాసింది రాసినట్టే పంపాను. రెండో బిల్డింగులో కూడా ఆ పద్ధతి పెట్టించి, అక్కడ తగ్గిన గంటలు కలిపాను. ప్రమోషన్ వచ్చింది.

సారు అప్పటికి ఇంకో బ్రాంచికి మారారు. పని మీద ఫోన్ చేస్తే మాట్లాడతాను, "సార్" అనే అంటాను. మా నాయనకి ఇవేవీ చెప్పలేదు. సారు ఈ మధ్య ఇంటికి రావట్లేదేమని అప్పుడప్పుడు అడుగుతాడు. "పని ఎక్కువుందంట" అంటాను.