శుక్రవారం కట్టని పన్ను

2023 డిసెంబరు 15, శుక్రవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. మిర్చి కొట్టు అత్తయ్య పేరున ఉంది; లెక్కలు చూసేది నేను. ఆదాయపు పన్ను ముందస్తుగా కట్టే మూడో వాయిదాకు అదే ఆఖరి రోజు. ఆ ఏటి పన్ను ఎనిమిది లక్షలు. ఆనాటికి అందులో డెబ్బై అయిదు శాతం, అంటే ఆరు లక్షలు కట్టి ఉండాలి. మేము కట్టినది మూడు లక్షల అరవై వేలు. సరుకు డబ్బు ఆ ఉదయమే ఖాతాలో పడింది. మిగిలిన రెండు లక్షల నలభై వేలు కట్టబోతే ఓటీపీ అత్తయ్య ఫోనుకు వచ్చింది.

"అంకెలు చెప్పండి అత్తయ్యా."

"శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటించనమ్మా. రేపు తెల్లారగానే కట్టు."

"ఒక్క రోజు దాటినా నెలకు ఒక శాతం చొప్పున మూడు నెలల వడ్డీ వేస్తారు. ఏడు వేల రెండు వందలు!"

"ఒక్క రోజుకి మూడు నెలలా? మన బజారు వడ్డీ వ్యాపారే నయం!"

ఆవిడ ఫోను పూజగదిలో బోర్లించి పెట్టేశారు. ఓటీపీ గడువు తీరిపోయింది. మరో రెండుసార్లు తెప్పించి బతిమాలాను. సాయంత్రం దీపం పెట్టాక ఆ మాటే ఎత్తనివ్వలేదు.

శనివారం ఉదయం ఏడుంబావుకు తానే అంకెలు చదివి వినిపించారు. చివరి వాయిదా రెండు లక్షలు మార్చి 14న కట్టాం.

పోయినది, ఏడు వేల రెండు వందలు. మార్చి నెలాఖరులోగా పన్ను పూర్తయింది కనుక ఏప్రిల్ నుంచి పడే వడ్డీ మాత్రం తప్పింది.