ఎనిమిదో బొమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయిన మంగళవారం ఉదయం కన్నుమూసింది. చిలకలగూడలో నా సైకిల్ దుకాణం తలుపు తెరుస్తుంటే ఆమె కూతురు వచ్చి, "మామా, అమ్మ లేస్తలేదు" అంది. చేతిలో పంపుతోనే వాళ్లింటికి ఉరికాను.

ఆమె కన్నవాళ్లు రంగూన్‌లో ఉన్నారు. జపానువాళ్లు వచ్చినప్పుడు చంటిబిడ్డతో ఈమె ఇటు వచ్చేసింది. పక్షవాతంతో తండ్రి కదలలేక, ఆయన కోసం తల్లి, అక్కడే ఉండిపోయారు. మనవరాలు పెరగడం వాళ్లు చూసింది కాగితం మీదే. నెలకొక ఫిల్ము చుట్ట, చుట్టకు ఎనిమిది బొమ్మలు. ఆమె భర్త రైల్వే గార్డు, ఇంట్లో కంటే బండిలోనే ఎక్కువ. అందుకని డబ్బా కెమెరా నా చేతికి వచ్చింది.

"వీపుకు ఎండ పెట్టుకో. పది అడుగులు వెనక్కి నడువు. ఊపిరి బిగబట్టి నొక్కు. నొక్కేదాకా జోకులేయకు" అనేది.

"జోకెయ్యకుంటే నా చెయ్యి వణుకుతదమ్మా."

"వణికితే నీ చెవి మెలేస్తానయ్యా."

వెనక ఎర్రటి చిన్న కిటికీలో అంకె కనబడేదాకా చెవి తిప్పాలి. కెమెరా చెవి, నాది కాదు. కడిగి అచ్చువేయించిన ఎనిమిదింటిలో నాలుగే ఎంచేది. "ఎనిమిదీ పంపితే ఒక్కటీ సరిగా చూడరు." వెనుక పెన్సిలుతో, మెల్లగా, ఒక్క వరుస రాసేది, గట్టిగా రాస్తే ముందువైపు ముఖం మీద గీత తేలుతుంది. "బొమ్మలో కనబడేది రాయకూడదు. కనబడనిది రాయాలి." పాప గౌను మీద మల్లెమొగ్గలుంటే వాటి ఊసెత్తేది కాదు, "ఈ గౌను అమ్మమ్మ పాత చీర" అని రాసేది. తర్వాత రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారం కట్టి, కవరులో వేసేది.

పోలీసు చర్య ఏడాది బయటి సరుకు రాక ఊళ్లో ఫిల్ము దొరకలేదు. ఉన్న ఒక్క చుట్టలో ఏడు బొమ్మలు వానాకాలపు ముసురులో తీశాం. ఎండ లేనిదే ఆ కెమెరాకు కన్ను లేదు. ఏడూ పోయినట్టే అనుకున్నాం. ఎనిమిదోది మంచి ఎండకు దాచింది. అంతలో సైన్యం వచ్చింది. అయిదు రోజులు తలుపులు బిగించుకొని కూర్చున్నాం. ఆ తర్వాత రంగూన్ నుంచి తంతి: పాప ఎలా ఉంది? క్షేమం అని తిరుగు తంతి ఇచ్చినా ఆమెకు నిమ్మళం లేదు.

"ఆ మాట మా నాన్న నమ్మడయ్యా. యుద్ధంలో చచ్చినవాళ్ల ఇళ్లనుంచి కూడా క్షేమమనే వచ్చేవి ఉత్తరాలు. ఆయనకు ముఖం కనబడాలి."

ఆ ఆదివారం ఎండ వచ్చింది. ఆమె చర్చికి పోయింది. బతికి బయటపడ్డ సంతోషమో, పుట్టు కోతితనమో, మా మేక ముందుకాళ్లు ఆమె కుర్చీ మీద పెట్టించి, ముక్కు మీద ఆమె చదువుకునే కళ్లద్దాలు తగిలించి, నొక్కేశాను. అది ఎనిమిదోదని చెవి తిప్పబోతే గుర్తొచ్చింది.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "నా బిడ్డ ముఖం మేకకిచ్చావయ్యా" అని లోపలికి పోయింది.

రెండు రోజులు నేను తిండి తినలేదు. మూడో రోజు స్టేషన్ దగ్గరి స్టూడియో నుంచి అచ్చులు తెచ్చాను. ఏడూ బొగ్గుముక్కలే. ఎనిమిదోది అద్దంలా ఉంది: కళ్లద్దాల మేక, దాని వెనుక గడప మీద కడుపు పట్టుకొని నవ్వుతున్న పాప. ముందు పన్ను లేదు. పాప అక్కడుందని నేను చూడనే లేదు.

టీచరమ్మ చాలాసేపు చూసింది. పెన్సిలు చెక్కి, వెనుక రాసింది: "పన్ను మంగళవారం ఊడింది. మేక పక్కింటివాళ్లది."

రంగూన్ జవాబు నాకు చదివి వినిపించింది. "మీ నాన్న దిండు కింద పెట్టుకున్నారు. మేక బాగుంది. పక్కింటాయన్ని ఏమీ అనకు."

అప్పటినుంచి ప్రతి నెలా ఏడు తీయించి కెమెరా నాకిచ్చేసేది. "ఎనిమిదోది నీ కోతివేషాలకు." ఏడేళ్లు. ఎంచిన నాలుగింటిలో ఆ ఎనిమిదోది ప్రతి నెలా సముద్రం దాటేది.

నిన్న ఆ పిల్ల కెమెరా తెచ్చింది. ఎర్ర కిటికీలో ఎనిమిది.

"తాతకు నాయన ఉత్తరం రాసిండు మామా. బొమ్మ సుత పోవాలె గదా."

"నాకేం తోస్తలేదు బిడ్డా."

"ఊకె నొక్కు."

తల్లి కుర్చీని వాకిట్లోకి ఈడ్చింది. కూర్చోలేదు; పక్కన నిలబడి సీటు మీద అరచెయ్యి ఆనించింది. వీపుకు ఎండ పెట్టుకొని పది అడుగులు వెనక్కి నడిచాను. ఊపిరి బిగబట్టాను. జోకెయ్యలేదు. చెయ్యీ వణకలేదు.

అచ్చు రేపొస్తుంది. వెనుక ఏం రాయాలో ఆ పిల్ల అప్పుడే చెప్పింది: "కుర్చీ వెచ్చగా ఉంది, అమ్మమ్మా."