పాస్ కాలేదని చెప్పాక

మా అన్న జూబ్లీ హిల్స్‌లో ఒక వ్యాపారి ఇంట్లో డ్రైవరు. రోజూ పొద్దున బోరబండ నుంచి బండి మీద పనికి వెళతాడు. ఫిల్మ్ నగర్‌లో నాకు ఇంటర్వ్యూ ఉన్న రోజున నన్నూ వెనక కూర్చోబెట్టుకున్నాడు. దారిలో ప్రతి సిగ్నల్ దగ్గరా నేను అడిగింది ఒకటే మాట.

"అన్నా, ఆ పరీక్ష సంగతి చెప్పాల్నా వద్దా?"

"వాళ్లు అడిగిన్రా?"

"ఇంకా లేదు."

"అడగంది ఎందుకు చెప్తవ్? నువ్వు రాసిన దాంట్ల అబద్ధం లేదు గదా. ఊకో."

అబద్ధం లేదన్న మాట నిజమే. రెజ్యూమెలో 'క్లౌడ్ సర్టిఫికేషన్‌కు సిద్ధమవుతున్నాను' అని రాశాను. సిద్ధమవుతూనే ఉన్నాను. ఒకసారి రాసి తప్పానన్నది మాత్రం అందులో లేదు. రెజ్యూమె చూసిన నా స్నేహితురాలు కూడా అలాగే ఉంచమంది. అయినా ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఏదో ఇబ్బందిగా ఉండేది. అది తప్పో, ఊరికే భయమో తేల్చుకోలేకపోయాను.

అప్పటికి నేను అమీర్‌పేటలో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు, సర్వర్లు చూసుకునేదాన్ని. ఇప్పుడు వెళ్తున్నది సినిమాలకు ఎడిటింగ్, సౌండ్, కలర్ పనులు చేసే స్టూడియోకి. షూటింగ్‌లో తీసిన ఫుటేజ్ అంతా రోజూ హార్డ్ డిస్కుల్లో అక్కడికి చేరుతుంది. దాన్ని సర్వర్లోకీ క్లౌడ్‌లోకీ ఎక్కించి, పోకుండా చూసుకునే మనిషి వాళ్లకు కావాలి.

పెద్ద ఇంటిని ఆఫీసుగా మార్చిన చోటు అది. గేటు బయట వ్యాన్లు నిలిచి ఉన్నాయి. సెక్యూరిటీ అతను నా ఫోన్ తీసుకుని టోకెన్ ఇచ్చాడు. లోపలికి ఎవరి ఫోనూ వెళ్లదన్నాడు. విడుదల కాని సినిమా ముక్క ఒక్కటి బయటికి పోయినా ఎంత గొడవవుతుందో పేపర్లో చదివినదాన్నే కాబట్టి ఆశ్చర్యం వేయలేదు. కానీ చేతిలో ఫోన్ లేకపోయేసరికి ఆఖరి నిమిషంలో అన్నని మళ్లీ అడిగే దారి కూడా పోయింది.

గదిలో ఇద్దరున్నారు. ఒకరు స్టూడియో నడిపే సార్. మాట వినగానే కోస్తా వైపు మనిషని తెలిసిపోయింది. రెండోవారు సాంకేతిక విభాగం చూసే మేడమ్, మా తెలంగాణ ఆవిడ. నన్ను కూర్చోమని చెప్పి, సార్ నా రెజ్యూమె మీద వేలు పెట్టారు.

"సర్టిఫికేషన్‌కి ప్రిపేర్ అవుతున్నానని రాశారు. పరీక్ష ఎప్పుడు రాస్తారండీ?"

'వచ్చే నెల' అని చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. నోట్లోంచి వచ్చింది వేరు.

"ఒకసారి రాశాను సార్. పాస్ కాలేదు."

ఎందుకలా అన్నానో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ధైర్యం చేసి అన్నదైతే కాదు. సార్ తల పైకెత్తారు. మేడమ్ పెన్ను కింద పెట్టింది. అది మంచికో చెడుకో వాళ్ల ముఖాలు చూస్తే తెలియలేదు.

"ఎట్ల ఫెయిలయినవ్?" అని మేడమ్ అడిగింది. వెక్కిరింపు లేదు, జాలీ లేదు. బండి ఎక్కడ చెడింది అని మెకానిక్ అడిగినట్టు అడిగింది.

మొదలుపెట్టాక ఆగడం కుదరదు కాబట్టి చెప్పాను. ప్రాక్టీస్ ప్రశ్నలు జవాబులు కంఠస్థం అయ్యేదాకా చేశాను. అసలు పరీక్షలో ప్రతి ప్రశ్నా ఒక కంపెనీ కథలాగా ఉంటుంది. వాళ్లకు ఏది ముఖ్యం, ఖర్చు తగ్గడమా, పాడైతే తొందరగా తిరిగి లేవడమా అన్నది చూసి, సరైనట్టే కనబడే రెండు జవాబుల్లో మెరుగైనది ఎంచుకోవాలి. మొదట్లో వచ్చిన వాటి దగ్గరే తన్నుకులాడి, చివరి వాటిని సరిగా చదవకుండానే పూర్తి చేశాను. తర్వాత ఫలితంతో పాటు ఏ విభాగంలో బలహీనంగా ఉన్నానో కూడా చెప్పారు. డేటా పోకుండా కాపాడటం, పోతే తిరిగి తెచ్చుకోవడం అనే విభాగంలో బాగా దెబ్బతిన్నాను.

చెప్పాక నాకే నవ్వొచ్చినంత పనయింది. వాళ్లు ఉద్యోగం ఇవ్వాలనుకున్నది సరిగ్గా ఆ పనికే.

"మా దగ్గర పనే అది కదండీ," అన్నారు సార్ మెల్లగా.

"అవును సార్."

"ఫెయిలయినంక ఏం జేసినవ్?" అంది మేడమ్.

"చాలా రోజులు ఏమీ చేయలేదు మేడమ్. పుస్తకం తెరవాలంటే చిరాకేసేది. తర్వాత ఆ ఒక్క విభాగం పట్టుకున్నాను. చదివింది నిజంగా అర్థమైందో లేదో తెలియక, మా ఆఫీసులోనే చూద్దామనుకున్నాను. అక్కడ ప్రతి రాత్రీ బ్యాకప్ అయిపోయిందని పచ్చ గుర్తు వచ్చేది. దాన్ని ఎవరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు. మేనేజర్ని అడిగి, ఒక ఖాళీ కంప్యూటర్ మీద ఆ బ్యాకప్‌ని రీస్టోర్ చేశాను. ఫైళ్లన్నీ వచ్చాయి. డేటాబేస్ మాత్రం తెరుచుకోలేదు."

"ఎందుకని?"

"అది నడుస్తుండగానే ఫైల్‌ని కాపీ చేస్తున్నారు మేడమ్. సగం మారిన స్థితిలో కాపీ పడేది. డేటాబేస్‌కి దాని సొంత బ్యాకప్ పద్ధతి ఉంటుంది. దానికి మార్చాను. ఇప్పుడు నెలకోసారి తెరిచి చూస్తున్నాం. పరీక్ష పాసయ్యుంటే ఆ పచ్చ గుర్తుని నేనూ నమ్మేసేదాన్నేమో."

ఆ చివరి మాట అనగానే మేడమ్ కుర్చీ ముందుకు లాక్కుంది.

"సరే. మా ఎడిటర్ ఒకాయన పొరపాటున ఒక సీన్ ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసిండనుకో. నువ్వు మొదలు ఏం జేస్తవ్?"

"ముందు, ఇక్కడ మారింది అక్కడ కూడా మారేలా ఏదైనా సింక్ నడుస్తోందా చూస్తాను మేడమ్. ఉంటే ఆపేస్తాను. లేకపోతే డిలీట్ కూడా రెండో చోటికి వెళ్లిపోతుంది. అలాంటి కాపీనే బ్యాకప్ అనుకుని నేను చాలా రోజులు తికమకపడ్డాను. తర్వాత పాత వెర్షన్ గానీ, డిలీట్‌కి ముందరి స్థితిని పట్టి ఉంచిన స్నాప్‌షాట్ గానీ ఉందేమో చూసి, వేరే చోటికి రీస్టోర్ చేస్తాను. ఉన్నదాని మీద కాదు. ఎడిటర్ తెరిచి, అన్నీ ఉన్నాయని చెప్పాకే అసలు చోటికి చేరుస్తాను."

మేడమ్ ఏదో రాసుకుంది. అంతా బాగానే సాగుతోందని అనుకునేలోపు సార్ నవ్వుతూ ముందుకు వంగారు.

"ఏమేం ప్రశ్నలొచ్చాయండీ? మా దగ్గర ఒకబ్బాయి కూడా ఆ పరీక్షే రాస్తానంటున్నాడు. నాలుగు చెబితే పనికొస్తాయి."

పరీక్ష మొదలవక ముందే ప్రశ్నలు బయట చెప్పనని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే పరీక్ష తెరుచుకుంటుంది. అది చదవకుండా నొక్కేసేవాళ్లే ఎక్కువ. నేను చదివాను. ఇప్పుడు ఎదురుగా ఉద్యోగం ఇచ్చే మనిషి అడుగుతున్నాడు.

"ప్రశ్నలు చెప్పకూడదు సార్. ఏ అంశాలు చదవాలో చెబుతాను, అవి వాళ్ల సైట్‌లోనే ఉన్నాయి."

"ఇక్కడ ముగ్గురమే ఉన్నాం కదండీ."

"మిమ్మల్ని నమ్మక కాదు సార్. రాసే ముందు ఒప్పుకున్నాను."

"ఫెయిలయిన పరీక్షకి కూడానా?"

"ఫెయిలయినా అదే కదా సార్."

సార్ మేడమ్ వైపు చూశారు. మేడమ్ కిటికీ వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. బయట కూర్చోమన్నారు, టీ ఇప్పించారు, కాసేపటికి రిసెప్షన్ అమ్మాయి వచ్చి, "ఫోన్ చేస్తాం, మీరు వెళ్లొచ్చు," అంది.

టోకెన్ ఇచ్చి ఫోన్ తీసుకుని రోడ్డు మీదకొచ్చాను. లోపల జరిగింది ఇంటర్వ్యూనో, నన్ను నేను ముంచుకోవడమో అర్థం కాలేదు. తప్పానని చెప్పాను, తప్పింది వాళ్ల పనిలోనే అని చెప్పాను, అడిగిన చిన్న సాయం కూడా చేయనన్నాను. మరి మేడమ్ అంతసేపు ఎందుకు రాసుకుంది?

సాయంత్రం నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చి అన్న బండి ఆపగానే మొత్తం చెప్పాను.

"చెప్పేసినవా? ఇగ అయిపోయింది," అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్లీ తనే మాట్లాడాడు. "మా సార్ నన్ను పెట్టుకునేటప్పుడు అడిగిండు, ఎప్పుడన్నా బండి గుద్దినవా అని. గుద్దిన అని చెప్పిన. ఎట్ల గుద్దిననో గూడ చెప్పిన."

"మరి ఎందుకు పెట్టుకున్నడు?"

"నాకేం తెలుసు. నేను అడగలే."

అన్న ఆ మాట అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున నన్ను ఊరుకోమన్నది తనే. ఏ అన్న మాట వినాలో నాకు తెలియలేదు.

ఆ వారంలోనే ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఇస్తున్నామనీ, ప్రొబేషన్ పూర్తయ్యేలోపు ఆ పరీక్ష మళ్లీ రాయాలనీ చెప్పారు. ఆనందపడాలో భయపడాలో తెలియక, "సరేనండీ," అని ఫోన్ పెట్టేసి, సరిగ్గానే విన్నానా అని మళ్లీ వాళ్లకే ఫోన్ చేశాను.

చేరిన కొన్నాళ్లకు, మేడమ్ ఒంటరిగా దొరికినప్పుడు అడిగాను, నన్ను ఎందుకు తీసుకున్నారని.

"సార్‌కు నచ్చినవ్. ప్రశ్నలు చెప్పనంటివి గదా. ఈడ సినిమా ముచ్చట్లు బయట చెప్పే మనిషి పనికిరాదు. నాకైతే డౌట్ ఉండె, సర్టిఫికెట్ ఉన్నోళ్లు ఇంకా ఇద్దరు వచ్చిన్రు," అంది.

అంటే ఆ ప్రశ్న పరీక్షించడానికే అడిగారన్నమాట అనుకున్నాను. మర్నాడు లిఫ్ట్ దగ్గర సార్ కనిపిస్తే కృతజ్ఞత చెప్పబోయాను.

"నాకెందుకండీ, ఆవిడకి చెప్పండి," అన్నారాయన. "రీస్టోర్ చేసి చూసిన మనిషి కావాలని ఆవిడే పట్టుబట్టారు. నాకైతే మీరు పాస్ కాలేదనగానే మనసు వెనక్కి లాగింది. ఆ ప్రశ్నలు కూడా నిజంగా మా దగ్గర పనిచేసే ఆ అబ్బాయి కోసమే అడిగాను."

ఇద్దరిలో ఎవరి మాట నిజమో, లేక ఇద్దరూ కలిసి నన్ను ఆట పట్టిస్తున్నారో నాకు తేలలేదు. బహుశా మనిషిని ఎందుకు ఎంచుకున్నామో ఎంచుకున్నవాళ్లకే సరిగా తెలియదేమో. నేను చెప్పింది నిజం కాబట్టి ఉద్యోగం వచ్చిందా, నిజం చెప్పగలిగే పని అప్పటికే చేసి ఉన్నాను కాబట్టి వచ్చిందా అన్నది ఇప్పటికీ విడదీయలేను. ఆఫీసులో ఆ బ్యాకప్ తెరిచి చూడకపోయి ఉంటే, 'పాస్ కాలేదు' అన్న తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. అదొక్కటి మాత్రం తెలుసు.

రెండోసారి పరీక్షలో గట్టెక్కాను. మర్నాడు నా ఫోన్‌లో వచ్చిన ఫలితం మేడమ్‌కి చూపించాలని సెక్యూరిటీ దగ్గరే ఆమె కోసం ఆగాను. ఆమె చూసి, "మంచిగైంది," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. "నిన్న రాత్రి వచ్చిన ఫుటేజ్ తెరిచి చూసినవా?"

ఇంకా లేదన్నాను.

"మరి నడువు," అంటూ ముందు నడిచింది.