చక్కెర సీసా మీద గంగవ్వ అనుమానం

గంగవ్వను ఒక మాట నమ్మించడం కంటే కామాటిపుర నల్లాలో నడిమధ్యాహ్నం నీళ్ళు రప్పించడం తేలికని ఆ వరస గదుల చాల్‌లో అందరూ అనుకుంటారు. పాలవాడు పాలు పోస్తే అందులో వేలు ముంచి, గోటి మీద చుక్క నిలబడిందో లేదో చూసిగాని గిన్నె లోపలికి తీసుకెళ్ళదు. గణపతి పండగకు, చాల్ కూల్చి కొత్త బిల్డింగు కడతానంటున్న బిల్డర్ మనుషులు మిఠాయి డబ్బాలు పంచితే, మూత తీసి వాసన చూసి, మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

ఊరికే వచ్చిన గుణం కాదది. గంగవ్వ చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టింది. సేఠ్ ఆకు తడిపి బరువు పెంచి ఇచ్చేవాడు. చుట్టి తెచ్చిన బీడీల్లో కొన్ని పనికిరావని తీసి పక్కన పెట్టి, సాయంత్రం వాటినే అమ్ముకునేవాడు. తన తల్లి సిమెంటు తట్టలు మోసి చచ్చింది, తను వేళ్ళు అరగదీసుకుంది, మధ్యలో నవ్వుతూ మాట్లాడిన ప్రతివాడూ ఏదో ఒకటి పట్టుకుపోయాడు. అందుకే నవ్వే మనుషులంటే ఆమెకు మరీ అనుమానం.

లోకంలో ఆమె అనుమానించనిది మనవడు మంగేష్‌ను ఒక్కడినే. కొడుకు పోయాక, కోడలు మరో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక, వాణ్ణి తనే పెంచింది. ఇప్పుడు నాగ్‌పాడాలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. మీసాలు వచ్చే వయసులోనే వాడికి షుగర్ వచ్చింది. ముసలివాళ్ళకు వచ్చే రకం కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం. సూది వేసుకుంటేనే బతుకు.

ఆ సూది దగ్గరే అసలు కథ. పోయిన ఏడాది మంగేష్ సూది వేసుకుని, ఏమీ తినకుండా పనికి బయలుదేరి, చెమటలు పట్టి మెట్ల మీద కూలబడ్డాడు. తినకుండా సూది వేసుకుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టర్ కేకలేశాడు. గంగవ్వ ఆ మాటను కొంగున కట్టుకుంది. మొన్న బయట ఏదో తిని మంగేష్‌కు వాంతులు పట్టుకున్నాయి. గంజి కూడా కడుపులో నిలవలేదు. ఆమె లెక్క ఆమెకు సూటిగానే కనిపించింది: తిండి లేదు కాబట్టి సూదీ వద్దు.

"ఆ సుయ్ ఇటియ్యిరా" అంది.

"ఏసుకోవాలేమో అవ్వా."

"కడుపుల మెతుకు లేదు. మళ్ళ మెట్ల మీద పడ్తవా? ఇటియ్యి."

ఇచ్చేశాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసింది.

మూడో రోజు పొద్దునకు మంగేష్ ఊపిరి తీరే మారిపోయింది. పరుగెత్తి వచ్చినవాడిలా లోతుగా, గబగబా పీలుస్తున్నాడు. కళ్ళు లోపలికి పోయాయి, నాలుక ఎండిపోయింది, పిలిస్తే సగం పలుకుతున్నాడు. నోటి దగ్గర కుళ్ళిన పండు వాసన. పక్క గదిలో ఉండే వాడి స్నేహితుడు సాహిల్ వాణ్ణి భుజాన వేసుకుని దించి, టాక్సీలో పెద్దాసుపత్రికి చేర్చాడు. దారంతా గంగవ్వ సాహిల్ మొహాన్నే చూసింది. వీడే సారా ఏదో తాగించాడని ఆమెకు గట్టిగా తోచింది.

ఆసుపత్రిలో అడుగుపెట్టగానే అన్నది కూడా ఆ మాటే. "ఈడే తాపించిండు. నోరు సూడుండ్రి, దారూ వాసన!"

"దారూ కాదు ఆజీ." అవ్వను మరాఠీలో పిలిచినట్టు ఆజీ అని పిలిచినా, ఆ హిందీ, మరాఠీ గోల మధ్య తెలుగు మాట వినపడేసరికి గంగవ్వ ఉలిక్కిపడింది. మాట్లాడింది నర్సు. పేరు సపన, వర్లి చాల్‌లో పెరిగిన తెలుగు పిల్ల. "ఒంట్ల ఇన్సులిన్ లేకుంటే రక్తంల షక్కర్ ఎంత ఉన్నా ఒంటికి అందది. అప్పుడు ఒళ్ళు కొవ్వును కాల్చుకుంటది. దాంట్లకెళ్ళి యాసిడ్ పుడ్తది. గా వాసన దాందే. గా యాసిడ్‌ను బయటికి ఊదేటందుకే గిట్ల ఊపిరి తీస్తుండు."

మాట్లాడుతూనే ఆమె చేతులు పని చేస్తున్నాయి. మంగేష్‌ను పిలిచి, పలకరిస్తే ఎంత పలుకుతున్నాడో చూసింది. వాంతి వస్తే గొంతుకు అడ్డం పడకుండా తల పక్కకు తిప్పింది. వేలు పొడిస్తే మిషన్ అంకె చూపించకుండా, తన కొలతకు మించిపోయిందని చెప్పింది. రెండు చేతులకూ సూదులు పెట్టి, రక్తం పరీక్షకు తీసి, సెలైన్ వేగంగా వదిలింది. ఛాతీకి తీగలు అంటించి గుండె గీతల మిషన్ పెట్టింది. మూత్రంలో కీటోన్లు నిండుగా ఉన్నాయని తేలింది. డాక్టర్ మణికట్టు దగ్గర రక్తం తీసి యాసిడ్ ఎంతుందో చూడమని పంపాడు.

"ఇన్సులిన్ సూదులు మానేశాడా?" అని ఆయన హిందీలో అడిగాడు.

"ఎందుకు మానేస్తడు? రోజూ నా కండ్ల ముందే ఏసుకుంటడు" అంది గంగవ్వ తడుముకోకుండా.

నిజం చెబితే ఆ మాట ఏ కాగితం మీదికి ఎక్కుతుందో, ఆ కాగితం రేపు ఎవరి చేతిలో పడుతుందో! అన్నీ ఆలోచించుకున్నాకే చెప్పిన అబద్ధం అది. సపన ఒక్క క్షణం ఆమె మొహం వైపు చూసి, మళ్ళీ పనిలో పడింది.

గంగవ్వ మంచం పక్కన కాపలా కూర్చుంది. సీసాలు మారుతున్నాయి గాని ఇన్సులిన్ ఇవ్వడం లేదు. రక్తం రిపోర్టు వచ్చాక కూడా ఇంకో సీసా తగిలించారు. ఆమెకు ఒళ్ళు మండింది.

"షక్కర్ ఆకాశంల ఉన్నదంటిరి. మరి సుయ్ ఎందుకిస్తలేరు? గరీబోళ్ళమనా? మందు అమ్ముకున్నరా?"

సపన విసుక్కోలేదు. అదే గంగవ్వకు ఇంకా అనుమానం పుట్టించింది. "వాంతులల్ల, మూత్రంల రెండు రోజులు నీళ్ళు పోయినయ్, ఉప్పులు పోయినయ్. పొటాషియం అనేది చానా తక్కువున్నది. ఇప్పుడే ఇన్సులిన్ ఇస్తే రక్తంల ఉన్న గింతను గూడ కణాలల్లకు గుంజుకపోతది. గుండె ఆగుతది, ఆజీ. మొదలు నీళ్ళు, తర్వాత పొటాషియం, అది జర పెరిగినంక ఇన్సులిన్. మూత్రం వస్తుందా లేదా గూడ సూస్తున్న. అది రాకుంటే పొటాషియం ఎక్కించుడు డేంజర్."

తర్వాత పొటాషియం పెరిగిందని కబురొచ్చింది. చిన్న మిషన్‌లో సిరంజి పెట్టి, ఇన్సులిన్‌ను సన్నగా నరంలోకి వదిలారు. గంటగంటకూ వేలు పొడిచి చూస్తూ వచ్చారు. అంకె దిగుతోంది. మధ్యాహ్నానికి మంగేష్ కళ్ళు తెరిచి "అవ్వా" అన్నాడు. గంగవ్వ మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. నర్సులకు ఏడుపు చూపించడం కూడా ఆమెకు ఇష్టం లేదు.

అప్పుడొచ్చింది ఆ సీసా. డాక్టర్ సపనతో "గ్లూకోజ్ మొదలుపెట్టు" అనడం గంగవ్వ స్పష్టంగా విన్నది.

గ్లూకోజ్ అంటే చక్కెర నీళ్ళు. ఆ సంగతి కామాటిపురలో ఎవరికి తెలియదు! ఇన్నేళ్ళుగా వాడి నోటికి లడ్డూ ముక్క తగలకుండా కాచుకుంది తను. టీలో చెంచా చక్కెర వేసిందని చుట్టాలావిడతో మాటలు మానేసింది. ఇప్పుడు వీళ్ళు ఏకంగా సీసాడు చక్కెర నరంలోకి పోస్తున్నారు. తగ్గుతున్న జబ్బును మళ్ళీ పెంచి, మంచం మీదే ఉంచుకుంటారు కాబోలు! వర్లి పిల్ల తీయగా మాట్లాడింది ఇందుకన్నమాట.

పక్క మంచానికి ఊపిరాడని మనిషిని తెచ్చారు. సపన అటు పరుగెత్తింది. సాహిల్ గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. గొట్టం మీది చిన్న చక్రాన్ని సపన ఎలా తిప్పుతుందో గంగవ్వ పొద్దున్నుంచీ చూస్తూనే ఉంది. లేచి, దుప్పటి సర్దినట్టు వంగి, చక్రాన్ని చివరిదాకా తిప్పేసింది. చుక్కలు ఆగిపోయాయి. మనవడిని కాపాడుకున్నానని నిండుగా ఊపిరి తీసుకుంది.

పక్క మంచం గొడవ వల్ల ఆ గంట పరీక్ష కాస్త ఆలస్యమైంది. సపన వచ్చేసరికి మంగేష్ నుదుటి మీద చెమట, వేళ్ళలో వణుకు. వేలు పొడిచి అంకె చూసింది, తల ఎత్తి సీసా చూసింది, చేత్తో గొట్టం తడిమింది. ఆమె మొహం పాలిపోయింది. డాక్టర్‌ను కేకేసి, ఇన్సులిన్ మిషన్ ఆపి, చిక్కటి గ్లూకోజ్ నరంలోకి ఎక్కించింది. కాసేపటికి వణుకు తగ్గింది. అంకె మళ్ళీ నిలబడ్డాక ఇన్సులిన్‌ను నెమ్మదిగా మొదలుపెట్టి, చక్రం తెరిచింది.

"ఎవరు బంద్ చేసిండ్రు దీన్ని?" ఆమె గొంతు మారిపోయింది.

పొద్దున్నుంచీ గంగవ్వ సాహిల్‌ను తిట్టినవి అందరి చెవుల్లోనూ ఉన్నాయి కాబట్టి చూపులన్నీ వాడి మీదికి పోయాయి. "నేను ముట్టలే సిస్టర్, అమ్మ తోడు" అన్నాడు వాడు. ఎవరూ నమ్మలేదు. కాపలావాడు వచ్చి వాణ్ణి బయటికి పంపించాడు. గుమ్మం దాటుతూ సాహిల్ గంగవ్వ వైపు చూశాడు. ఆమె నేల వైపు చూసింది.

"షక్కర్ దిగింది గాని యాసిడ్ ఇంకా పోలే ఆజీ" అంది సపన, మంగేష్ నుదురు తుడుస్తూ. "యాసిడ్ పోవాలంటే ఇన్సులిన్ నడుస్తనే ఉండాలె. అది నడుస్తుంటే షక్కర్ మరీ దిగిపోవద్దని పక్కకెళ్ళి గ్లూకోజ్. ఇది బందయి అది నడిస్తే పోరడు మూర్ఛ పోతుండె. ఇంకా జర ఆలస్యమైతే పోతుండె."

పోతుండె. సేఠ్ మోసం చేస్తే బీడీలు పోయాయి, బిల్డర్ మోసం చేస్తే గది పోతుంది. తన అనుమానానికి మాత్రం మంగేష్ పోయేవాడు. ఆమె చేతులు తనవి కానట్టు ఒళ్ళో పడి ఉన్నాయి.

మర్నాడు పొద్దునకు యాసిడ్ దిగిపోయింది. మంగేష్ ఆకలి అన్నాడు. సపన ఇన్సులిన్‌ను పొట్ట మీద సూదిగా ఇచ్చింది. అది ఒంటికి పట్టేదాకా మిషన్ ఇంకాసేపు నడవాలని చెప్పి, ఇడ్లీ తెప్పించింది. తర్వాత మంచం పక్కన నిలబడి సూటిగా అడిగింది.

"నిజం చెప్పు మంగేష్. సూదులు ఎందుకు మానినవ్?"

మంగేష్ ప్లేటు వైపే చూస్తూ అన్నాడు. "మర్చిపోయిన సిస్టర్. నాదే గల్తీ."

సపన మండిపడింది. వాంతులైనా, తిండి లేకున్నా ఈ రకం షుగర్‌కు ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదని, ఒంట్లో బాగా లేనప్పుడే అది ఎక్కువ అవసరమని, మాటిమాటికీ చూసుకుంటూ, నీళ్ళు తాగుతూ, డాక్టర్‌ను అడిగి మోతాదు మార్చుకోవాలని, నీళ్ళు కూడా నిలవకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పింది. ఇంత వయసొచ్చి ప్రాణంతో ఆటలా అని చీవాట్లు పెట్టింది. మంగేష్ తల వంచుకుని అన్నీ పడ్డాడు.

గంగవ్వ ఇక తట్టుకోలేకపోయింది.

"వాన్ని తిట్టకు బిడ్డా. సుయ్ నేను గుంజుకున్న. తినకుంటే ఏసుకోవద్దనుకున్న. డాక్టర్‌కు అబద్ధం చెప్పిన." ఆగింది. "నిన్న ఆ చక్రం తిప్పింది గూడ నేనే. సాహిల్ గాడు ముట్టలే. వాన్ని పిల్వుండ్రి, వాని ముందల గూడ చెప్త."

సపనకు కోపమే వచ్చిందో, జాలే వేసిందో గంగవ్వకు అర్థం కాలేదు. ఆమె మంగేష్ వైపు తిరిగింది.

"నీకు తెల్సు కదా ఏసుకోవాలని. ఎందుకిచ్చినవ్ మరి?"

"అవ్వ అడిగింది గదా" అన్నాడు మంగేష్. ఇందులో అడగడానికేముందన్నట్టు అన్నాడు.

గంగవ్వ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఈసారి మొహం తిప్పుకోలేదు. పాలవాణ్ణి, సేఠ్‌ను, బిల్డర్‌ను నమ్మొద్దని వాడికి ఉగ్గుపాలతో నేర్పింది. ఒక్క మనిషిని మాత్రం వదిలేసింది. ముందుకు జరిగి, వాడి చేయి రెండు చేతులతో పట్టుకుంది.

"ఇగ సుయ్ సంగతిల ఎవ్వరి మాట వినకు బిడ్డా. మొదలు నన్ను నమ్మకు."